స్క్రీన్‌షాట్ హోంవర్క్‌కు నోటీసు ముసాయిదా: ఫార్మాట్, ఫైలు పేరు, అక్షరాల స్పష్టత

పలకాబలపం (చర్చ ప్రారంభించినవారు)

నేను మొదటి సంవత్సరం విద్యార్థులకు ప్రోగ్రామింగ్ బోధిస్తాను. వారు రాసిన ప్రోగ్రామును నడిపి, ఫలితం తెరపై కనిపిస్తున్నప్పుడు స్క్రీన్‌షాట్ తీసి, ఒక్కో హోంవర్క్‌కు రెండు మూడు చిత్రాలు సమర్పిస్తారు. తరగతిలో 42 మంది ఉన్నారు కనుక ప్రతి వారం వందకు పైగా చిత్రాలు దిద్దవలసి వస్తుంది. ఈ ఏడాది మొదట్లోనే ఒక నోటీసు ఇచ్చాను. అందులో ఉన్నవి మూడే వాక్యాలు: “చిత్రాలను పీఎన్‌జీ ఫార్మాట్‌లోనే పంపవలెను. ఫైలు పేరులో హోంవర్క్ సంఖ్య, రోల్ నంబరు, చిత్రం సంఖ్య ఉండవలెను. అక్షరాలు స్పష్టంగా ఉండవలెను.”

మూడో హోంవర్క్‌లో రోల్ నంబరు 17 విద్యార్థి పంపిన రెండో చిత్రం దగ్గర నేను ఆగిపోయాను. దాని పేరు `hw03_17_2.png`. ఫార్మాట్ సరిగానే ఉన్నట్టుంది, పేరు నేను చెప్పినట్టే ఉంది, కానీ వరుస చివర ఉన్నది కోలనో సెమికోలనో ఎంత పెద్దది చేసి చూసినా తేలడం లేదు. స్పష్టంగా లేదని తిప్పి పంపితే, అతను ప్రయోగశాలలోని కంప్యూటర్‌లో అదే చిత్రాన్ని తెరిచి చూపించాడు. అందులో ప్రతి అక్షరమూ నిక్కచ్చిగా కనిపిస్తోంది. అతను అబద్ధం చెప్పలేదు, నేనూ పొరపడలేదు. మరి నోటీసులో లోపం ఎక్కడ ఉందో తెలియక, మార్చి రాసే ముందు మీ అభిప్రాయం కోరుతున్నాను.

---

సూటిమాట

లోపం నోటీసులో లేదు, అమలులో ఉంది. జేపీజీ అన్నది అక్షరాలను పాడుచేసే ఫార్మాట్. దానిలో పంపిన చిత్రం ఎప్పటికీ చదవడానికి పనికిరాదు. ఎవరైనా జేపీజీ పంపితే పీఎన్‌జీలోకి మార్చి మళ్లీ పంపమనండి. దానికి ఉచిత మార్పిడి సైట్లు ఎన్నో ఉన్నాయి. రెండోసారి తప్పు చేస్తే రెండు మార్కులు తగ్గించండి. నోటీసు ఎంత పొడవుగా రాస్తే అంత తక్కువ మంది చదువుతారు.

---

ముడిచిత్రం

నేను చాలాకాలం పుస్తకాల పుటల అమరిక పని చేశాను. పాడైన చిత్రాలు ఎక్కడ పాడయ్యాయో వెతకడం ఆ పనిలో సగం. సూటిమాట గారు చెప్పినదానిలో కొంత నిజం ఉంది, కానీ ఆయన సూచించిన వైద్యం రోగాన్ని దాచిపెడుతుంది.

జేపీజీ చిత్రాన్ని ఎనిమిది పిక్సెళ్ల చదరాలుగా విడగొట్టి, కంటికి అంతగా తెలియని సూక్ష్మ వివరాలను వదిలేస్తుంది. ముఖాలకు, ఆకాశానికి ఆ పద్ధతి సరిపోతుంది. తెల్లని నేలపై నల్లని అక్షరం అంచు మాత్రం అకస్మాత్తుగా మారే చోటు. అక్కడ వదిలేసిన వివరం అక్షరం చుట్టూ మసక మరకలుగా తేలుతుంది. ఒకసారి అలా పోయినది పోయినట్టే. ఆ మసక చిత్రాన్ని పీఎన్‌జీలోకి మార్చితే, పీఎన్‌జీ ఏమీ వదలకుండా భద్రపరిచే ఫార్మాట్ కనుక, ఆ మసకను కూడా అంతే నమ్మకంగా భద్రపరుస్తుంది. పైగా ఫైలు పరిమాణం సాధారణంగా పెరుగుతుంది, ఎందుకంటే ఒకే రంగు పరుచుకున్న నేలను క్లుప్తంగా దాచగలిగిన పీఎన్‌జీ ఆ మరకలను అలా దాచలేదు.

కనుక పలకాబలపం గారూ, మీరు రెండు విషయాలు చూసి చెప్పండి. ఆ విద్యార్థి పంపిన మొదటి చిత్రం వెడల్పు, ఎత్తు ఎన్ని పిక్సెళ్లు, రెండోదానివి ఎన్ని? రెండవది, మీ కంప్యూటర్‌లో లినక్స్ గానీ మ్యాక్ గానీ ఉంటే, టెర్మినల్‌లో `file` అనే ఆజ్ఞతో ఆ చిత్రాన్ని పరీక్షించండి. అది పేరు చివరి అక్షరాలను నమ్మదు, ఫైలు లోపలి తొలి బైట్లను చూసి అసలు రకం చెబుతుంది.

---

ఇంటిపెద్ద

మా అమ్మాయి ఏడో తరగతి. గణితం నోటుపుస్తకంలో చేసి, ఫోన్‌తో ఫొటో తీసి పంపమంటారు. ట్యూబ్‌లైటు కింద తీస్తే పుట మీద మెరుపు, కిటికీ దగ్గర తీస్తే చేతి నీడ. పీఎన్‌జీ అడిగితే ఫైలు చాలా పెద్దదై ఎక్కడం లేదు. మీరు రాసే నోటీసులో లైటు ఏ పక్కన ఉండాలో కూడా చేర్చితే మాలాంటి తల్లిదండ్రులకు ఉపయోగం.

---

పలకాబలపం

ఇంటిపెద్ద గారూ, మీది కాగితం ఫొటో, నాది తెర చిత్రం; రెండింటికీ ఒకే నోటీసు పెడితే రెండూ చెడతాయని మీ సందేశం చదివాకే నాకు అర్థమైంది. ఫొటోకు జేపీజీయే సరైనదని నేను అనుకుంటున్నాను, తప్పయితే ముడిచిత్రం గారు సరిదిద్దాలి. నా నోటీసు మొదటి వాక్యంలోనే “ఇది కంప్యూటర్ తెరపై తీసిన చిత్రాలకు మాత్రమే వర్తిస్తుంది” అని చేర్చుతాను.

ముడిచిత్రం గారూ, చూశాను. మొదటి చిత్రం 1920 × 1080, రెండవది 1280 × 720. ఆజ్ఞ ఇచ్చిన జవాబులో మొదటి భాగం ఇది:

```
$ file hw03_17_2.png
hw03_17_2.png: JPEG image data
```

అంటే పేరు పీఎన్‌జీ, లోపల ఉన్నది జేపీజీ. మరి నా కంప్యూటర్ దాన్ని ఏ హెచ్చరికా లేకుండా ఎలా తెరిచింది?

---

ముడిచిత్రం

చాలా చిత్ర వీక్షకాలు కూడా పేరును పట్టించుకోకుండా తొలి బైట్లను చూసే తెరుస్తాయి. అందుకే పేరు మార్చిన ఫైలు చక్కగా తెరుచుకుని, మార్పిడి జరిగిందన్న భ్రమ కలిగిస్తుంది. ఫొటోకు జేపీజీ సరైనదే, ఇంటిపెద్ద గారు పీఎన్‌జీ కోసం కష్టపడనవసరం లేదు. లైటు విషయానికి మాత్రం వేరే చర్చ పెట్టండి, వచ్చి రాస్తాను.

ఇప్పుడు మీ అంకెలు చూద్దాం. ఒకే విద్యార్థి, ఒకే యంత్రం, ఒకే తెర. ఒక చిత్రం 1920, మరొకటి 1280. నిలువు కూడా అదే నిష్పత్తిలో తగ్గింది కనుక ఇది కత్తిరింపు కాదు, కుదింపు. కత్తిరించి ఉంటే చిత్రంలో కొంత భాగం లేకుండా పోయేది, మిగిలిన అక్షరాలు మాత్రం పదునుగానే ఉండేవి. రకం కూడా మారింది. అంటే రెండో చిత్రం విద్యార్థి కంప్యూటర్ నుంచి మీ దగ్గరకు నేరుగా రాలేదు. మధ్యలో ఎక్కడో, బహుశా మెసేజింగ్ యాప్‌లో, ఎవరో దాన్ని చిన్నది చేసి జేపీజీగా మార్చారు. అతను ప్రయోగశాలలో మీకు చూపినది అసలు ప్రతి. మీరు చూసినది ప్రయాణం చేసి వచ్చిన ప్రతి. ఏ దారిన పంపాడో అతన్ని అడగండి.

---

నాలుగోబెంచి

నేను విద్యార్థిని, ఆ పదిహేడో నంబరు వాడిని కాదు, కానీ ఏం జరిగి ఉంటుందో చెప్పగలను, ఎందుకంటే మేమందరం అదే చేస్తాం. ప్రయోగశాల కంప్యూటర్‌లో స్క్రీన్‌షాట్ తీస్తాం. అప్పటికి సమయం అయిపోతుంది, సమర్పణ పేజీలోకి లాగిన్ కావడానికి వీలుండదు. అందుకని బ్రౌజర్‌లో మెసేజింగ్ యాప్ తెరిచి చిత్రాన్ని మాకు మేమే పంపుకుంటాం. బస్సులో ఫోన్ నుంచి సమర్పణ పేజీకి ఎక్కిస్తాం. ఫోన్‌లో దిగిన ఫైలు చివర `.jpg` ఉంటుంది. నోటీసులో పీఎన్‌జీ అన్నారు కనుక చివరి మూడు అక్షరాలు మార్చేస్తాం. పేజీ `.png` చూసి ఒప్పుకుంటుంది. ఇది మోసమని మాకు ఎవరికీ అనిపించలేదు. నియమం పాటిస్తున్నామనే అనుకున్నాం.

---

పలకాబలపం

అడిగాను, మీరు చెప్పినట్టే జరిగిందట. బస్సు ఒక్కటే తేడా, అతను నడిచి వెళ్లాడు. మొదటి చిత్రాన్ని మాత్రం ప్రయోగశాల నుంచే ఎక్కించాడు. నేను ఫార్మాట్ గురించి రాశాను గానీ దారి గురించి రాయలేదు. విద్యార్థి నా మాటను అక్షరాలా పాటించి, నేను కోరనిది పంపాడు.

---

సూటిమాట

అయితే మెసేజింగ్ యాప్‌లను నిషేధించండి. ఒక్క వాక్యం చాలు.

---

ముడిచిత్రం

నిషేధిస్తే వారు మరో దారి వెతుకుతారు, అది ఇంతకంటే మెరుగ్గా ఉంటుందని చెప్పలేం. ఉదాహరణకు చిత్రాలను వర్డ్ పత్రంలో అతికించి పంపవచ్చు. ఆ పత్రాన్ని భద్రపరిచేటప్పుడు వర్డ్ కూడా, సెట్టింగ్ మార్చకపోతే, చిత్రాలను కుదించగలదు. ఇలాంటి యాప్‌లలో సాధారణంగా చిత్రాన్ని ‘ఫొటో’గా కాక ‘డాక్యుమెంట్’గా జతచేసే వీలుంటుంది. అలా పంపితే ఫైలు మారకుండా, పేరుతో సహా చేరుతుంది. నోటీసులో నిషేధం కన్నా ఈ ఒక్క మాట ఎక్కువ పని చేస్తుంది. ఇక వచ్చిన ఫైలు చెడలేదని విద్యార్థి తనంతట తాను తెలుసుకునే గుర్తు కూడా ఇవ్వండి: ఎక్కించే ముందు చిత్రం వివరాల్లో వెడల్పు చూడాలి, తీసినప్పుడు ఎంత ఉందో అంతే ఉండాలి.

జేపీజీ ఎప్పటికీ చదవడానికి పనికిరాదన్న మాట మీద చిన్న సవరణ. కుదించకుండా, ఎక్కువ నాణ్యతతో భద్రపరిచిన జేపీజీలో తెలుపు మీద నలుపు అక్షరాలు చక్కగానే చదవవచ్చు. కొన్ని ఫోన్లు స్క్రీన్‌షాట్‌ను మొదటి నుంచీ జేపీజీగానే భద్రపరుస్తాయి. నిజంగా దెబ్బతినేది రంగు అక్షరాలు. జేపీజీ చాలా సందర్భాల్లో వెలుగునీడలను పూర్తి వివరంతో ఉంచి, రంగును మాత్రం అడ్డంగా సగం, నిలువుగా సగం వివరంతో దాస్తుంది. అందుకే ముదురు నేలపై ఎర్రగా కనిపించే దోష సందేశం ముందుగా చెదిరిపోతుంది. ప్రోగ్రామింగ్ హోంవర్క్‌లో మీరు చదవవలసినది సరిగ్గా అదే.

---

దస్త్రాలగది

నేను ప్రయోగశాల సర్వర్ నిర్వహిస్తాను, పేరు గురించి ఒక్క మాట. `hw03_17_2.png` అన్నప్పుడు హోంవర్క్‌కు రెండంకెలు ఇచ్చి చిత్రానికి ఒక్క అంకె ఇచ్చారు. చాలా వ్యవస్థలు పేర్లను అక్షరక్రమంలో పేరుస్తాయి కనుక 1 తర్వాత 10 వచ్చి, 2 ఆ తర్వాత వస్తుంది. మీకు మూడు చిత్రాలే కనుక ఇప్పుడు ఇబ్బంది లేదు, కానీ రోల్ నంబర్లలో ఈ గోల తప్పదు: 7వ నంబరు వాడు 42 తర్వాత ఎక్కడో తేలతాడు. అన్నిటికీ రెండంకెలు పెట్టండి:

```
hw03_07_02.png
```

విద్యార్థి పేరు ఫైలు పేరులో వద్దు. ఒకరు ఇంటిపేరు ముందు రాస్తారు, ఒకరు చివర రాస్తారు, మరొకరు తెలుగు లిపిలో రాస్తారు. తెలుగు పేరు నేటి వ్యవస్థల్లో బాగానే నిలుస్తుంది గానీ, అన్నిటినీ జిప్‌లో కట్టి పాత సాధనంతో విప్పినప్పుడు అర్థంలేని గుర్తులుగా మారడం నేను చూశాను. తేదీ కూడా అనవసరం, సర్వర్‌కు ఎలాగూ తెలుసు. ఖాళీలు, కోలన్, ప్రశ్నార్థకం వద్దనండి. కోలన్, ప్రశ్నార్థకం ఉన్న పేరును విండోస్ అసలే అంగీకరించదు. చివరి `.png` చిన్న అక్షరాల్లోనే ఉండాలి, ఎందుకంటే మా సర్వర్‌కు `.PNG` వేరే పేరు.

---

పలకాబలపం

సవరించి మళ్లీ పంపిన చిత్రానికి ఏ పేరు పెట్టాలి? పాత పేరే ఉంటే ఏది కొత్తదో తెలియదు, వేరే పేరు అనుమతిస్తే `final`, `final2`, `asalu_final` అంటూ ముగింపు లేని ముగింపులు వస్తున్నాయి.

---

దస్త్రాలగది

నా సలహా చివర `_v2` చేర్చడం. అసలు ప్రతికి ఏమీ చేర్చనవసరం లేదు.

---

సూటిమాట

నేను ఒప్పుకోను. పాత పేరుతోనే పంపితే పాతది తొలగి కొత్తది ఉంటుంది. దిద్దేవారి ముందు ఒక్కటే ఉండాలి. రెండు ప్రతులు ఉంటే ఏది దిద్దారన్న తగువు మొదలవుతుంది.

---

దస్త్రాలగది

పాతది తొలగుతుందని మీరు అనుకుంటున్నారు. కొన్ని సమర్పణ పేజీలు తొలగిస్తాయి, కొన్ని చివర `(1)` తగిలించి రెండూ ఉంచుతాయి. పలకాబలపం గారి పేజీ ఏం చేస్తుందో పరీక్షించకుండా మనం ఇద్దరం వాదించుకోవడం వృథా.

---

పలకాబలపం

ఒక పాత ఖాతాతో పరీక్షించి చూస్తాను. ఈలోగా మూడో వాక్యం, అంటే “అక్షరాలు స్పష్టంగా ఉండవలెను” అన్నది. పదునుగా ఉండి కూడా చదవలేని చిత్రాలు ఉన్నాయి. పదిహేడో నంబరు మొదటి చిత్రమే చూడండి: అసలు ప్రతి, 1920 వెడల్పు, నిజమైన పీఎన్‌జీ. అయినా దిద్దే పేజీలో ప్రతిసారీ పెద్దది చేసి, పక్కకు జరిపి చదువుకోవలసి వస్తోంది. వంద చిత్రాలకు ఇలా చేస్తే కళ్లు పోతాయి.

---

ముడిచిత్రం

మీ దిద్దే పేజీలో చిత్రం కనిపించే గడి ఎంత వెడల్పు ఉంటుందో కొలవండి. పక్కన మార్కుల పట్టిక ఉంటుంది కనుక 800 పిక్సెళ్లనుకుందాం. విద్యార్థి తెర మొత్తాన్ని తీశాడు, 1920. అతని తెరపై అక్షరాల పరిమాణం 14 పిక్సెళ్లనుకుంటే, 1920ని 800లోకి ఇరికించినప్పుడు ఆ 14 కాస్తా ఆరు పిక్సెళ్ల లోపుకు దిగుతుంది. ఆరు పిక్సెళ్లలో కోలన్‌కూ సెమికోలన్‌కూ తేడా చూపడం ఎవరి తరమూ కాదు.

అదే విద్యార్థి తెర మొత్తం కాక ప్రోగ్రామ్ ఉన్న కిటికీని మాత్రం, 960 వెడల్పున తీశాడనుకోండి. అక్షరం దాదాపు 12 పిక్సెళ్లతో కనిపిస్తుంది. తీయడానికి ముందు ఎడిటర్‌లో అక్షరాలను ఒకటిన్నర రెట్లు పెద్దవి చేసి ఉంటే 17 దాటుతుంది, మీరు దేన్నీ జరపనవసరం లేదు. ఇక్కడ క్రమం ముఖ్యం. తీయకముందు అక్షరాలను పెంచితే కంప్యూటర్ వాటిని ఎక్కువ పిక్సెళ్లతో కొత్తగా గీస్తుంది. తీసిన తర్వాత చిత్రాన్ని సాగదీస్తే ఉన్న పిక్సెళ్లే లావవుతాయి. విండోస్‌లో `Win + Shift + S` నొక్కితే కావలసిన కిటికీని లేదా భాగాన్ని మాత్రమే ఎంచుకోవచ్చు. పక్కన తెరిచి ఉన్న సొంత సందేశాలు మీ కంట పడకుండా ఉండటం అదనపు లాభం.

ఫలితంలో తెలుగు అక్షరాలు ఉంటే మరికాస్త పెద్దవిగా ఉండాలి. ఇంగ్లిష్ అక్షరం ఒక వరుసలో సరిపెట్టుకుంటుంది; మన అక్షరానికి పైన గుడి, కింద ఒత్తు ఉంటాయి కనుక అదే ఎత్తులో మూడు అంతస్తులు ఇమడాలి. చిన్న పరిమాణంలో ‘కి’, ‘కీ’ ఒక్కటవుతాయి, ఒత్తులు చుక్కలవుతాయి.

---

నాలుగోబెంచి

అక్షరాలు పెద్దవి చేస్తే పొడవాటి వరుసలు కిటికీ బయటకు పోతాయి, ఫలితం కూడా ఒక్క తెరలో పట్టదు. అందుకే చాలామంది పేజీ పొడవునా సాగే ఒకే చిత్రం తీస్తున్నారు. అది అనుమతిస్తారా?

---

ముడిచిత్రం

సన్నగా, చాలా పొడవుగా ఉన్న చిత్రాన్ని కొన్ని పేజీలు ఎత్తుకు సరిపెట్టి చూపుతాయి; అప్పుడది నిలువు గీతలా మిగులుతుంది. రెండు చిత్రాలుగా విడగొట్టి, మొదటిదాని చివరి రెండు మూడు వరుసలు రెండోదాని మొదట్లో మళ్లీ కనిపించేలా తీస్తే మధ్యలో ఏదీ తప్పిపోలేదని దిద్దేవారికి తెలుస్తుంది. వరుస పొడవుకు నా దగ్గర మంచి జవాబు లేదు. ఎడిటర్‌లో వరుసను మడిచి చూపే అమరిక వాడవచ్చు, కానీ వరుసల అమరికే అర్థాన్ని మార్చే భాషల్లో ఆ మడత దిద్దేవారిని తికమక పెట్టవచ్చు.

---

చెవితోచదువరి

నేను తెర మీది అక్షరాలను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌తో పని చేస్తాను. మీరు ఎంత పదునైన చిత్రం పంపినా అది నాకు శూన్యమే. ఫైలు పేరు మాత్రం వినిపిస్తుంది. అసలు ప్రోగ్రామును చిత్రంగా ఎందుకు అడుగుతున్నారు? టెక్స్ట్ ఫైలుగా తీసుకుంటే ఫార్మాట్, వెడల్పు, ఒత్తులు అన్న చర్చలో సగం అవసరం ఉండదు. మీ తరగతిలో నాలాంటి విద్యార్థి రేపు చేరితే తాను తీసిన చిత్రం సరిగా ఉందో లేదో తాను చూసుకోలేడు.

---

పలకాబలపం

ఈ ప్రశ్న నన్ను నేను వేసుకోలేదు. ప్రోగ్రాము అతని కంప్యూటర్‌లో నిజంగా నడిచిందనడానికి ఆధారంగా చిత్రం అడగడం మొదలుపెట్టాను, తర్వాత అలవాటుగా ప్రోగ్రామును కూడా చిత్రంగానే తీసుకుంటూ వచ్చాను. ప్రోగ్రామును టెక్స్ట్ ఫైలుగా, ఫలితాన్ని మాత్రం చిత్రంగా తీసుకుంటాను. ఫలితానికి కూడా చిత్రం బదులు ఏమి అడగవచ్చో నాకింకా తేలలేదు. టెక్స్ట్‌గా అతికించిన ఫలితాన్ని ఎవరైనా చేత్తో రాయవచ్చు కదా.

---

చెవితోచదువరి

చిత్రాన్ని కూడా ఎవరైనా పక్కవాడి నుంచి తీసుకోవచ్చు.

---

పలకాబలపం

అదీ నిజమే. ప్రస్తుతానికి నోటీసును ఇలా మార్చాను:

“ఈ సూచనలు కంప్యూటర్ తెరపై తీసిన చిత్రాలకు మాత్రమే వర్తిస్తాయి. ప్రోగ్రామును టెక్స్ట్ ఫైలుగా, దాని ఫలితాన్ని చిత్రంగా పంపండి. చిత్రం తీయడానికి ముందే అక్షరాలను ఒకటిన్నర రెట్లు పెద్దవి చేసి, తెర మొత్తం కాకుండా ఆ కిటికీని మాత్రమే తీయండి. ఒక చిత్రంలో పట్టకపోతే, మూడు వరుసలు రెండింటిలోనూ ఉండేలా రెండు చిత్రాలు తీయండి. కంప్యూటర్ భద్రపరిచిన పీఎన్‌జీ ఫైలునే నేరుగా ఎక్కించండి. ఫోన్‌కు పంపుకోవలసి వస్తే ఫొటోగా కాక డాక్యుమెంట్‌గా పంపుకోండి. మీ చేతికి జేపీజీ వచ్చిందంటే దారిలో ఏదో మారిందని అర్థం. పేరు మార్చకండి, మరో ఫార్మాట్‌లోకి మార్చకండి, అసలు ఫైలు కోసం వెనక్కి వెళ్లండి. అది దొరకకపోతే జేపీజీనే జేపీజీగా పంపి, ఆ సంగతి నాకు రాయండి, మార్కులు తగ్గవు. పేరు `hw04_07_02.png` నమూనాలో ఉండాలి.”

మళ్లీ పంపిన ఫైలును నా సమర్పణ పేజీ తొలగించడం లేదు, `(1)` చేర్చుతోంది. కనుక `_v2` అనే రాస్తాను, సూటిమాట గారు మన్నించాలి.

---

సూటిమాట

మార్కులు తగ్గవని ముందే రాస్తే ఎవరూ వెనక్కి వెళ్లరు. రాసి పెట్టుకోండి.

---

నాలుగోబెంచి

నోటీసు ప్రకారం నా ప్రయోగశాల కంప్యూటర్‌లో ఒక చిత్రం తీసి చూశాను. అక్షరాలు పెద్దవి చేయడం, కిటికీని ఎంచుకోవడం సులభంగానే అయ్యాయి. పేరు దగ్గర మాత్రం చిక్కింది: ఇక్కడ ఫైలు పేర్ల చివరి భాగం దాచి ఉంది కనుక నేను `hw04_23_01.png` అని టైపు చేస్తే, లోపల అది `hw04_23_01.png.png` అయి కూర్చుంది. ఎక్కించిన తర్వాత గానీ నాకు కనబడలేదు.

---

దస్త్రాలగది

విండోస్ 11 ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో `View > Show > File name extensions` ఎంచుకుంటే చివరి భాగం కనిపిస్తుంది. మా గదిలోని యంత్రాలన్నిటిలో రేపు నేనే పెట్టిస్తాను. పలకాబలపం గారూ, ఇళ్లలోని కంప్యూటర్ల కోసం ఈ ఒక్క వాక్యం నోటీసులో పేరు నమూనాకు ముందు చేర్చండి. తర్వాత చేర్చితే అప్పటికే పేరు పెట్టేసి ఉంటారు.